చెరువు గట్టు మీది పాత టాబ్లెట్లు: లాగిన్ ఎక్కడ ఆగిపోయిందో వెతికిన డైరీ

భీమవరం దగ్గర, యనమదుర్రు డ్రెయిన్‌కు ఆనుకుని ఉన్న మా బాబాయి రొయ్యల చెరువుల షెడ్డులో రెండు పాత టాబ్లెట్లు ఉన్నాయి. మేత ఎన్ని కిలోలు వేశారు, చెక్ ట్రేలో ఎంత మిగిలింది, తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ ఎంత ఉంది అనే లెక్కలను మనుషులు వాటిలోనే, మేత సరఫరా చేసే కంపెనీ వారి వెబ్‌సైటులో లాగినై నమోదు చేస్తారు. ఒక సోమవారం నుంచి ఆ రెండింటిలోనూ లాగిన్ కావడం ఆగిపోయింది. ఇదే చిక్కులో ఉన్న మరొకరు నేను పోగొట్టుకున్న గంటలను పోగొట్టుకోకూడదని, చేసిన పనిని, చేసిన పొరపాట్లను వరుసగా రాస్తున్నాను.

## మొదటి దశ: ఏమీ మార్చకుండా చూసినది

నేను వెళ్లేసరికి పాస్‌వర్డును మూడుసార్లు మార్చారు, వైఫై రూటరును రెండుసార్లు ఆపి మళ్లీ వేశారు, ఒక టాబ్లెట్‌ను పూర్తిగా రీసెట్ చేయడానికి కూడా సిద్ధమయ్యారు. ఆ చివరి పనిని ఆపించాను, ఎందుకంటే రీసెట్ చేస్తే అందులో మిగిలి ఉన్న ఆధారాలన్నీ పోతాయి.

"పాస్‌వర్డ్ మర్చిపోయావేమో బాబాయ్?" అని అడిగాను.

"మర్చిపోవడానికి ఏముందిరా, అదిగో గోడ మీదే రాసి ఉంది. నా ఫోన్‌లో కొడితే వెంటనే తెరుచుకుంటోంది, దీంట్లోనే రావడం లేదు," అన్నాడు.

అసలు ఆధారం ఈ మాటలోనే ఉంది. అదే వైఫై, అదే పాస్‌వర్డు, అదే చిరునామా అయినప్పుడు కొత్త ఫోనులో పనిచేసి పాత టాబ్లెట్‌లో పనిచేయకపోతే, తేడా టాబ్లెట్‌లోనే ఉన్నట్టు. కాబట్టి రెండు టాబ్లెట్ల వివరాలను కాగితం మీద రాసుకున్నాను.

1. మొదటి టాబ్లెట్: ఆండ్రాయిడ్ 4.2.2, ఒక జీబీ ర్యామ్. దానితో పాటు వచ్చిన బ్రౌజరు తప్ప మరొకటి లేదు. లాగిన్ పేజీ అసలు తెరుచుకోదు. సురక్షితమైన కనెక్షన్ ఏర్పడలేదన్న అర్థం వచ్చే ఒక్క వాక్యం కనిపిస్తుంది.
2. రెండో టాబ్లెట్: అదే మోడలు, అదే ఆండ్రాయిడ్ 4.2.2. ఎవరో ఎప్పుడో క్రోమ్ వేశారు. దాని వెర్షను 71. ఇందులో కనిపించే సందేశం వేరు: `NET::ERR_CERT_DATE_INVALID`.

రెండో దాని తేదీ చూస్తే 2013 జనవరిలో ఉంది. షెడ్డులో కరెంటు పోయి బ్యాటరీ పూర్తిగా అయిపోయిన రాత్రి దాని గడియారం వెనక్కి పోయింది. తేదీ సరిచేశాక ఆ సందేశం పోయి `NET::ERR_CERT_AUTHORITY_INVALID` అనే మరొకటి వచ్చింది. మొదటి టాబ్లెట్‌లో తేదీ మొదటి నుంచీ సరిగానే ఉంది, అయినా పేజీ తెరుచుకోలేదు. అంటే ఒకే మోడలు టాబ్లెట్లు రెండు వేర్వేరు కారణాలతో ఆగిపోతున్నాయి. ఈ సంగతిని ఆ రోజే గట్టిగా పట్టుకోవలసింది. నేను మాత్రం రెండింటికీ ఒకే మందు వెతుకుతూ తర్వాత రెండు గంటలు పోగొట్టుకున్నాను.

ఇప్పటివరకు మొత్తం: 40 నిమిషాలు, ఖర్చు లేదు.

## రెండో దశ: నా లాప్‌టాపే నన్ను తప్పుదారి పట్టించింది

బ్రౌజరుకూ సర్వరుకూ మధ్య నడిచే ఎన్‌క్రిప్షన్ పద్ధతి పేరు టీఎల్ఎస్. 1.0 వెర్షను 1999లోనూ, 1.1 వెర్షను 2006లోనూ, 1.2 వెర్షను 2008లోనూ, 1.3 వెర్షను 2018లోనూ వచ్చాయి. మొదటి రెండింటినీ వాడకూడదని 2021 మార్చిలో ఆర్‌ఎఫ్‌సీ 8996 అనే ప్రమాణ పత్రం ద్వారా అధికారికంగా ప్రకటించారు. ఆండ్రాయిడ్ 4.1 నుంచి 4.3 వరకు వాటితో పాటు వచ్చిన బ్రౌజరు 1.0 మాత్రమే మాట్లాడుతుంది. కాబట్టి సర్వరు 1.0ను ఆపేసిందేమోనని నా అనుమానం. దాన్ని తేల్చుకోవడానికి ఉబుంటు 22.04 ఉన్న లాప్‌టాప్ నుంచి, ఇలాంటి కనెక్షన్లను పరీక్షించే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే సాధనంతో ఈ ఆదేశం ఇచ్చాను. `SERVER` ఉన్న చోట మీ సైటు పేరు రాయాలి.

```
openssl s_client -connect SERVER:443 -servername SERVER -tls1
```

కనెక్షన్ కుదరలేదు. అనుమానం రుజువైందని నోటు పుస్తకంలో రాసేసుకున్నాను. ఆ తర్వాత సరిచూసుకోవడానికి, 1.0ను ఇప్పటికీ అంగీకరిస్తుందని నాకు తెలిసిన, మా ఇంట్లోని ఒక పాత ప్రింటరు మీద అదే ఆదేశం ప్రయోగించాను. అక్కడా కుదరలేదు. ఒప్పుకోవలసినది కూడా ఒప్పుకోకపోతే పరీక్షే తప్పని అర్థం.

తెర మీద వచ్చిన వాక్యాన్ని ఈసారి నిదానంగా చదివాను. అందులో `no protocols available` అని ఉంది. కింద `SSL handshake has read 0 bytes` అని ఉంది. సర్వరు నుంచి ఒక్క బైటు కూడా రాలేదు, అంటే కాదన్నది సర్వరు కాదు, నా ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్. దాని 3.0 వెర్షను నుంచి టీఎల్ఎస్ 1.0, 1.1 వెర్షన్లు భద్రతా స్థాయిని సున్నాకు దించితే తప్ప పనిచేయవు. ఆ మాట చేర్చి మళ్లీ ఇచ్చాను.

```
openssl s_client -connect SERVER:443 -servername SERVER \
  -tls1 -cipher 'DEFAULT:@SECLEVEL=0'
```

ప్రింటరు ఈసారి ఒప్పుకుంది. మేత కంపెనీ సర్వరు మాత్రం `alert protocol version` అనీ, `SSL alert number 70` అనీ చెప్పి మూసేసింది. కింద చదివిన బైట్ల సంఖ్య 7. `-tls1` తీసి `-tls1_2` పెడితే అదే సర్వరు వెంటనే కలిసింది. ఈ మూడు ఫలితాలూ చేతిలో ఉన్నప్పుడు మాత్రమే సర్వరు 1.0ను ఆపేసిందని రాయడానికి నాకు హక్కు వచ్చింది. మీరు ఈ పరీక్ష చేస్తే సున్నా బైట్లు చదివిందా, ఏడు బైట్లు చదివిందా అన్నది తప్పక చూడండి. ఆ ఒక్క అంకె మీదే మొత్తం నిర్ధారణ ఆధారపడి ఉంటుంది.

ఈ దశకు గంటా ఇరవై నిమిషాలు పట్టింది. సరైన ఆదేశం ముందే తెలిసి ఉంటే అయిదు నిమిషాలు చాలేవి.

ఇప్పటివరకు మొత్తం: 2 గంటలు, ఖర్చు లేదు.

## మూడో దశ: టాబ్లెట్ ఏమంటోందో వినడం

సర్వరు వైపు సంగతి తెలిసింది. టాబ్లెట్ నిజంగా 1.0 మాత్రమే అడుగుతోందా అన్నది ఇంకా ఊహే. బాబాయి ఫోనును కేబుల్‌తో లాప్‌టాప్‌కు తగిలించి ఇంటర్నెట్ తీసుకుని, లాప్‌టాప్ వైఫైని హాట్‌స్పాటుగా మార్చి, టాబ్లెట్లను దానికి కలిపాను. అప్పుడు వాటి మాటలన్నీ లాప్‌టాప్ మీదుగానే వెళతాయి కాబట్టి పట్టుకోవచ్చు. `wlp2s0` అన్నది నా లాప్‌టాప్‌లో వైఫై పేరు. మీది వేరుగా ఉండవచ్చు.

```
sudo tcpdump -i wlp2s0 -s 0 -w tab1.pcap tcp port 443
```

మొదటి టాబ్లెట్‌లో లాగిన్ పేజీ తెరవబోయి, విఫలమయ్యాక, పట్టుకున్న బైట్లను విడమరిచి చూపే వైర్‌షార్క్‌లో ఆ ఫైలును తెరిచాను. టాబ్లెట్ పంపిన మొదటి సందేశం మొదట్లో ఇలా ఉంది. పొడవును తెలిపే బైట్లను చుక్కలుగా చూపుతున్నాను.

```
16 03 01 .. ..  01 .. .. ..  03 01
```

సర్వరు తిరిగి పంపినది మొత్తం ఇంతే.

```
15 03 01 00 02 02 46
```

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లెక్క చెప్పిన ఏడు బైట్లు ఇవే. మొదటి `15` ఇది హెచ్చరిక అని చెబుతుంది. `03 01` వెర్షను, `00 02` అంటే వెనుక వచ్చేది రెండు బైట్లు. ఆ రెండిటిలో `02` అంటే ఇక్కడితో సంబంధం తెగిపోతుందని, `46` అంటే దశాంశంలో 70, వెర్షను కుదరలేదని. ఈ మాట వచ్చేసరికి ఎన్‌క్రిప్షనే మొదలు కాలేదు, సర్వరు తన గుర్తింపుగా చూపే సర్టిఫికెట్ రాలేదు, పేజీ రాలేదు. పాస్‌వర్డు అడిగే గడి కూడా పుట్టలేదు. పాస్‌వర్డును మూడుసార్లు మార్చినా ఒక్కటీ సర్వరు గడప వరకు వెళ్లలేదని బాబాయికి ఈ ఏడు బైట్లనే చూపించి చెప్పాను.

అన్ని సర్వర్లూ ఇంత స్పష్టంగా చెప్పవు. కొన్ని `46`కు బదులు `28`, అంటే 40 పంపుతాయి. హ్యాండ్‌షేక్, అంటే రెండు వైపులా చేసుకునే తొలి ఒప్పందం, కుదరలేదన్నంత వరకే దానికి అర్థం. కొన్ని ఏమీ చెప్పకుండా లైను తెంపేస్తాయి. అలాంటప్పుడు రెండో దశలోని పరీక్షే దిక్కు.

ఇక్కడ నేను చేసిన రెండో పొరపాటు రాయాలి. రెండో టాబ్లెట్‌లో క్రోమ్ 71 పంపిన సందేశాన్ని కూడా పట్టుకుని చూస్తే అది కూడా `16 03 01` తోనే మొదలైంది. ఇది కూడా 1.0 మాత్రమే మాట్లాడుతోందని అనుకుని, అరగంట సేపు ఆ దారిలోనే నడిచాను. నిజానికి ఆ మొదటి `03 01` పైకవరు మీది వెర్షను. మధ్యలో ఉండే పాత పరికరాలు బెదరకుండా కొత్త బ్రౌజర్లు కూడా మొదటి సందేశానికి ఆ పాత అంకెనే వేస్తాయి. చూడవలసింది లోపలి వెర్షను, అంటే పై వరుసలో చివరి రెండు బైట్లు. మొదటి టాబ్లెట్‌లో అవి `03 01`, క్రోమ్‌లో `03 03`. టీఎల్ఎస్ 1.3 మాట్లాడే బ్రౌజరు కూడా అక్కడ `03 03` అనే రాస్తుంది, 1.3 సంగతిని విడిగా `supported_versions` అనే చోట చెబుతుంది. వైర్‌షార్క్ వీటిని పేర్లతో విడివిడిగా చూపిస్తుంది కాబట్టి అంకెలు చదవలేనివారు ఆ పేర్లనే చూడవచ్చు, అయితే పై వరుసలోని వెర్షను దగ్గరే ఆగిపోకూడదు.

ఇప్పుడు రెండు టాబ్లెట్ల కథ విడిపోయింది. మొదటిది వెర్షను దగ్గర ఆగిపోతోంది. రెండోది ఆ గడప దాటి, సర్టిఫికెట్ దగ్గర ఆగుతోంది. ఒకే ఆండ్రాయిడ్ మీద ఇది ఎలా సాధ్యమంటే, పాత బ్రౌజరు ఆండ్రాయిడ్‌లో ఉన్న ఎన్‌క్రిప్షన్ భాగాన్ని వాడుతుంది, క్రోమ్ తన భాగాన్ని తానే తెచ్చుకుంటుంది.

ఇప్పటివరకు మొత్తం: 3 గంటల 30 నిమిషాలు, ఖర్చు లేదు.

## నాలుగో దశ: పనిచేయని మార్గం

టాబ్లెట్‌కు కొత్త వెర్షను రాకపోతే, దాని తరఫున లాప్‌టాప్ మాట్లాడితే సరిపోతుంది కదా అనిపించింది. లాప్‌టాప్‌లో మధ్యవర్తిగా పనిచేసే ఒక ప్రాక్సీ నడిపి, టాబ్లెట్ వైఫై సెట్టింగులలో ఆ ప్రాక్సీ చిరునామా ఇచ్చాను. ఫలితం మారలేదు, పట్టుకున్న ఫైలులో అవే ఏడు బైట్లు.

కారణం వెతికితే సులువుగానే దొరికింది. `https` చిరునామాలకు బ్రౌజరు ప్రాక్సీని `CONNECT` అనే మాటతో ఒక గొట్టం మాత్రమే వేయమని అడుగుతుంది. గొట్టంలో పోయే బైట్లను ప్రాక్సీ తాకదు. టాబ్లెట్ 1.0 అంటే ఆ 1.0 ఉన్నదున్నట్టు సర్వరుకు చేరుతుంది, సర్వరు కాదంటే ఆ కాదన్నది ఉన్నదున్నట్టు వెనక్కి వస్తుంది.

గొట్టాన్ని మధ్యలో తెరిచే ప్రాక్సీలు ఉన్నాయి. అలాంటిది పెట్టాలంటే నేను తయారుచేసిన సర్టిఫికెట్‌ను టాబ్లెట్ నమ్మేలా చేయాలి. ఆ తర్వాత పాస్‌వర్డుతో సహా అన్నీ నా లాప్‌టాప్‌లో విప్పి ఉంటాయి. అది మా ఇంటి మనుషుల మధ్యే అయినా నాకు నచ్చలేదు, పైగా రాత్రింబవళ్లు లాప్‌టాప్ ఆ తేమలో నడవాలి. అందుకని ఆ ఆలోచన విరమించాను.

కంపెనీవారికి కూడా ఫోన్ చేశాను. మొదట మాట్లాడిన అమ్మాయి క్యాష్ తుడిచి పాస్‌వర్డు మార్చమంది. రెండోసారి ఎత్తిన వ్యక్తికి ఏడు బైట్ల సంగతి, 70 అంకె సంగతి చెప్పగానే, కొత్త సర్వరుకు మారినప్పుడు అమరికలో ఈ వరుస పెట్టామని ఆయనే చెప్పారు.

```
ssl_protocols TLSv1.2 TLSv1.3;
```

మా కోసం పాత వెర్షను తిరిగి తెరవమని అడిగాను, ఆయన కుదరదన్నారు. ఆ సర్వరులో వందలాది రైతుల లెక్కలు ఉన్నాయి కాబట్టి రెండు టాబ్లెట్ల కోసం అందరి తలుపూ బలహీనపరచమనడం నాదే తప్పని తర్వాత అనిపించింది. కొత్త సర్వరుతో పాటు సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ కూడా మారిందని ఆయన చెప్పిన రెండో సంగతి మాత్రం తర్వాతి దశకు తాళంచెవి అయింది.

ఇప్పటివరకు మొత్తం: 4 గంటల 20 నిమిషాలు, ఖర్చు లేదు.

## అయిదో దశ: రెండో టాబ్లెట్, సర్టిఫికెట్ చిక్కు

లాప్‌టాప్ నుంచి వెర్షను మాట లేకుండా మామూలుగా కలిసి, సర్వరు చూపే సర్టిఫికెట్ గొలుసును చదివాను. పైకొసన `ISRG Root X1` అనే పేరు ఉంది. ఇది లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ మూల సర్టిఫికెట్. ఆండ్రాయిడ్ 7.1.1 కంటే పాతవాటిలోని నమ్మకమైన సంస్థల పట్టీలో ఈ పేరు లేదు.

ఇన్నాళ్లూ ఇలాంటి పాత పరికరాలు లెట్స్ ఎన్‌క్రిప్ట్ సైట్లను తెరవగలగడానికి వేరే మూల సర్టిఫికెట్ ఇచ్చిన సాక్ష్య సంతకం ఆసరాగా ఉండేది. ఆ మూల సర్టిఫికెట్ గడువు 2021 సెప్టెంబరు 30న తీరినా, పాత ఆండ్రాయిడ్ మూల సర్టిఫికెట్ల గడువు తేదీని పట్టించుకోదు కాబట్టి మరో మూడేళ్లు బండి నడిచింది. 2024 ఫిబ్రవరి 8 నుంచి లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఆ సాక్ష్యాన్ని మామూలుగా జత చేయడం మానేసింది; 2024 సెప్టెంబరు 30తో దాని గడువు కూడా అయిపోయింది.

ఆనాటి క్రోమ్ ఎన్‌క్రిప్షన్ భాగాన్ని తనతో తెచ్చుకున్నా, ఎవరిని నమ్మాలన్న పట్టీని మాత్రం ఆండ్రాయిడ్ నుంచే తీసుకుంటుంది. రెండో టాబ్లెట్ వెర్షను గడప దాటి సర్టిఫికెట్ గడప దగ్గర పడిపోవడానికి కారణం ఇదే.

దీనికి రెండు దారులు ఉన్నాయి. మూల సర్టిఫికెట్ ఫైలును టాబ్లెట్‌లోకి కాపీ చేసి, సెట్టింగులలో భద్రత అనే చోట నుంచి చేతితో చేర్చడం ఒకటి. ప్రయత్నించాను, చేర్చే ముందు ఆండ్రాయిడ్ తెరకు పిన్ గానీ నమూనా తాళం గానీ తప్పనిసరిగా పెట్టమంది. పెట్టాక క్రోమ్‌లో పేజీ తెరుచుకుంది, లాగిన్ కూడా అయింది. ఆ రాత్రి నాలుగు గంటలకు చెరువుల దగ్గర ఉండే పెద్దాయన తడి చేతులతో తాళం గీయలేక లెక్కను చెక్కపలక మీద సుద్దతో రాసి పెట్టారు.

"అది తెరుచుకోవడం లేదండి. ఆక్సిజన్ మూడున్నర ఉంటే నేను ఏరియేటర్ల దగ్గరకి పరిగెత్తాలా, దీన్ని గీకుతూ కూర్చోవాలా చెప్పండి," అన్నారు.

ఆయన మాటే సరైనది. పిన్ తీసేస్తే చేర్చిన సర్టిఫికెట్ కూడా తీసేయాలని ఆండ్రాయిడ్ అంటుంది. కాబట్టి ఈ దారి పనిచేసినా షెడ్డుకు పనికిరాదు. తెరతాళం ఇబ్బంది కానివారికి మాత్రం ఇది అన్నింటికన్నా సులువైన మార్గం.

ఇప్పటివరకు మొత్తం: 5 గంటల 30 నిమిషాలు, ఖర్చు లేదు.

## ఆరో దశ: రెండు గడపలూ దాటిన బ్రౌజరు

కావలసింది రెండు లక్షణాలున్న బ్రౌజరు: ఎన్‌క్రిప్షన్ భాగమూ తనదే కావాలి, నమ్మకమైన సంస్థల పట్టీ కూడా తనదే కావాలి. ఫైర్‌ఫాక్స్ అలాంటిది. ఆండ్రాయిడ్ 4.1 మీద కూడా నడిచే చివరి వరుస 68. అందులో చివరి విడుదల 2020 జూలైలో వచ్చిన 68.11. ఆ తర్వాతి వాటికి ఆండ్రాయిడ్ 5.0 కావాలి.

ఇక్కడ ఒక ముడి ఉంది. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా పాత విడుదలల భండారం `archive.mozilla.org`ను తెరవడానికి టాబ్లెట్‌లోని పాత బ్రౌజరు మీద ఆధారపడలేం. లాప్‌టాప్‌లో దించి, మైక్రో ఎస్‌డీ కార్డు ద్వారా చేర్చాను. వేరే ఏ సైటు నుంచీ ఈ ఫైలు తీసుకోవద్దు. పాస్‌వర్డు కొట్టబోయే బ్రౌజరును తెలియని చోటు నుంచి తెచ్చుకుంటే చేసిన పనంతా వృథా.

మొదటిసారి `android-aarch64` అనే ఫోల్డరులోని ఫైలు తీసుకున్నాను. టాబ్లెట్ దాన్ని చదవలేక `There is a problem parsing the package` అంది. ఫైలు పాడైందేమోనని మళ్లీ దించాను, అదే మాట. ఆ ఫైలు 64 బిట్ల ప్రాసెసర్లున్న కొత్త పరికరాలకు. ఇలాంటి వాటికి కావలసింది `android-api-16` ఫోల్డరులో ఉంటుంది. పనిచేసిన వరుస ఇది.

1. తేదీ, సమయం సరిచూశాను. ఇది తప్పితే కింది అడుగులన్నీ వృథా.
2. ఖాళీ స్థలం చూశాను. మొదటి టాబ్లెట్‌లో 96 ఎంబీయే మిగిలి ఉంది. పాత ఫోటోలను కార్డులోకి మార్చి 410 ఎంబీ చేశాను.
3. లాప్‌టాప్‌లో `archive.mozilla.org/pub/mobile/releases/68.11.0/` నుంచి ఫైలు దించి కార్డులో వేశాను.
4. సెట్టింగులలో భద్రత కింద తెలియని మూలాల నుంచి ఇన్‌స్టాల్ చేయనిచ్చే గడిని తెరిచి, ఇన్‌స్టాల్ అయిన వెంటనే మూసేశాను.
5. ఫైర్‌ఫాక్స్‌లో `about:config` తెరిచి `security.tls.version.min` విలువను 1 నుంచి 3కు మార్చాను. 1 అంటే టీఎల్ఎస్ 1.0, 3 అంటే 1.2. ఇకపై ఈ బ్రౌజరు కూడా పాత వెర్షనుకు దిగదు.
6. లాగిన్ పేజీని తెరిచి, హోమ్ స్క్రీన్ మీద పెట్టాను.

మొదటి టాబ్లెట్‌లో లాగిన్ పేజీ వచ్చింది, పాస్‌వర్డు తీసుకుంది, ఆ వారం మేత పట్టీ కనిపించింది. మళ్లీ పట్టుకుని చూస్తే లోపలి వెర్షను `03 03`, `supported_versions`లో 1.3 ఉంది, సర్వరు కూడా 1.3నే ఎంచుకుంది. రెండో టాబ్లెట్‌లోనూ ఇదే వరుసలో వేసి, చేతితో చేర్చిన సర్టిఫికెట్‌నూ తెరతాళాన్నీ తీసేశాను.

నెమ్మది మాత్రం తెలుస్తుంది. మూసి ఉన్న ఫైర్‌ఫాక్స్ తెరుచుకోవడానికి 14 సెకన్లు, లాగిన్ పేజీ పూర్తిగా రావడానికి మరో 19 సెకన్లు పట్టాయి. వెనుక నడుస్తున్న నాలుగు పాత యాప్‌లను ఆపాక మొదటిది 9 సెకన్లకు తగ్గింది, రెండోది తగ్గలేదు.

ఇప్పటివరకు మొత్తం: 7 గంటల 15 నిమిషాలు, కార్డు రీడరుకు 150 రూపాయలు.

## ఏడో దశ: దీనితో కానివి, పెట్టిన కట్టుబాట్లు

కంపెనీవారి యాప్ కూడా రెండు టాబ్లెట్లలో ఉంది. అది ఇప్పటికీ లాగిన్ కాదు, ఫైర్‌ఫాక్స్ వేసినంత మాత్రాన కాదు కూడా. యాప్ తన మాటలను ఆండ్రాయిడ్ ఎన్‌క్రిప్షన్ భాగంతోనే పంపుతుంది. విచిత్రమేమంటే ఆండ్రాయిడ్ 4.1 నుంచి 4.4 వరకు ఆ భాగంలో టీఎల్ఎస్ 1.2 ఉంది, కానీ దానంతట అది వాడుకలోకి రాదు. యాప్ రాసినవారు తమ కోడులో దాన్ని కోరి తెరవాలి. ఆండ్రాయిడ్ 5.0 నుంచే అది దానంతట అదే తెరిచి ఉంటుంది. వాడేవారికి ఇందులో తిప్పగల మీట ఏదీ లేదు. అందుకని యాప్‌ను రెండింటి నుంచీ తీసేశాను, లేకపోతే అలవాటు కొద్దీ దాన్నే నొక్కి మళ్లీ పాస్‌వర్డు పోయిందనుకుంటారు.

ఫైర్‌ఫాక్స్ 68.11కు 2020 తర్వాత భద్రతా మరమ్మతులు రాలేదు. టీఎల్ఎస్ కొత్తది మాట్లాడుతున్నా, పేజీలను చదివే భాగంలో ఆ తర్వాత బయటపడిన లోపాలు అందులో అలాగే ఉంటాయి. అందుకని కొన్ని కట్టుబాట్లు పెట్టాం. ఈ టాబ్లెట్లలో మేత లెక్కల సైటు తప్ప మరేదీ తెరవరు. బాబాయి ఈమెయిలు, బ్యాంకు, యూపీఐ వీటి దరిదాపులకు రావు. కంపెనీవారిని అడిగి, లెక్కలు చేర్చడానికి మాత్రమే వీలున్న వేరే ఖాతా తీసుకున్నాం. బిల్లులూ బాకీలూ కనిపించే అసలు ఖాతా బాబాయి ఫోనులోనే ఉంటుంది. గోడ మీది పాస్‌వర్డు మీద సున్నం వేయించాం.

పెద్దాయనకు కాగితం మీద మూడు సూచనలే రాసిచ్చాను.

1. తేదీ తప్పుగా ఉంటే ముందు దాన్ని సరిచేయాలి.
2. పేజీ రాకపోతే పాస్‌వర్డు మార్చవద్దు. తెర మీద ఉన్న మాటను ఫోటో తీసి నాకు పంపాలి.
3. లెక్క మాత్రం పుస్తకంలో తప్పక రాయాలి.

"ఆయ్, అలాగేనండి," అని ఆ కాగితాన్ని చెక్ ట్రేలు తగిలించే మేకుకు గుచ్చారు.

పదకొండు రాత్రులు గమనించాను. రెండు టాబ్లెట్లలో కలిపి 44 సార్లు లాగిన్ అయ్యారు, రెండుసార్లు కాలేదు. ఒకసారి కరెంటు లేక వైఫై ఆగింది. మరోసారి రెండో టాబ్లెట్ బ్యాటరీ అయిపోయి తేదీ మళ్లీ 2013కు వెళ్లింది. పెద్దాయన మొదటి సూచన చూసి తనే సరిచేసుకున్నారు. రెండో టాబ్లెట్ ఆ రకంగా ఇంకెన్నాళ్లు నిలబడుతుందన్నది దాని బ్యాటరీ మీద ఆధారపడి ఉంది. ఈ పంట పట్టుబడి అయ్యాక, తర్వాతి పిల్ల వదలకముందే, దాన్ని మార్చేయాలని బాబాయి ఒప్పుకున్నాడు. మొదటిది ఆ తర్వాతి పంట వరకు ఉంటుంది.

చివరి మొత్తం: 8 గంటల 5 నిమిషాలు, 150 రూపాయలు. ఇందులో రెండో దశలో నా లాప్‌టాప్‌ను నమ్మినందుకు పోయినది గంటకు పైగా, మూడో దశలో పైకవరు వెర్షను చదివి పోగొట్టుకున్నది అరగంట.